పిచ్ డెక్‌ను సమీక్షించేటప్పుడు ముందుగా ఏం చూడాలి?

ప్రశ్న: బెంగళూరులో ఇద్దరు మిత్రులం కలిసి నడుపుతున్న చిన్న వ్యాపారానికి పెట్టుబడి కోసం 14 స్లైడ్లు తయారు చేశాం. అక్షరాలు ఎక్కువయ్యాయని, స్లైడ్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని, చార్టులు అర్థం కావడం లేదని చూసినవాళ్లు అంటున్నారు. సరిదిద్దడం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: శీర్షికలతో మొదలుపెట్టండి. గత ఏడాది మా చిన్నాన్న గారి అబ్బాయి డెక్‌ను ఇలాగే సరిచేశాము కనుక ఆ అనుభవంతోనే చెబుతాను. అతను మారతహళ్లి చుట్టుపక్కల పీజీ హాస్టళ్లకు కూరగాయలు సరఫరా చేస్తాడు.

పవర్‌పాయింట్‌లో View మెనూలో ఉన్న Outline View తెరిస్తే, టెంప్లేటులోని శీర్షిక, విషయం గడుల్లో రాసిన మాటలు మాత్రమే ఎడమ పక్కన వరుసగా కనిపిస్తాయి. విడిగా గీసుకున్న టెక్స్ట్ బాక్సుల్లోని మాటలు అక్కడికి రావు. మావాడి 13 స్లైడ్లలో ఐదింటికి శీర్షిక చోటు ఖాళీగా కనిపించింది. ఆ ఐదూ పాత ఫైళ్లనుంచి తెచ్చి అతికించినవి; అక్షరాల తీరు, అంచులు, రంగులు తేడాగా ఉన్నవి కూడా సరిగ్గా అవే. ఆ మాటలను టెంప్లేటు గడుల్లోకి మార్చిన తరువాత Home లోని Reset నొక్కితే స్థానమూ పరిమాణమూ Slide Master లో ఉన్నట్లుగా సర్దుకుంటాయి. టెక్స్ట్ బాక్సులను Reset తాకదు కనుక ముందుగా మాటలను మార్చడం తప్పనిసరి.

తరువాత ఆ శీర్షికలను మాత్రమే పైనుంచి కిందికి చదివించాను. “సమస్య”, “మార్కెట్”, “పురోగతి” అని ఉన్నాయి. వాటిలో ఏదీ ఒక సంగతిని చెప్పడం లేదు కాబట్టే, చెప్పవలసినదంతా కింద పేరాలుగా పేరుకుపోయింది. సమస్య స్లైడులో 112 మాటలున్నాయి. దాని శీర్షికను “పీజీ యజమానులు రోజూ తెల్లవారుజామున మార్కెట్టుకు వెళ్లవలసి వస్తోంది” అని మార్చగానే కింది పేరాలో సగం అదే విషయాన్ని మళ్లీ చెబుతోందని అతనికే తెలిసింది. మిగిలినది నోటితో చెప్పేందుకు నోట్సులోకి వెళ్లింది. స్లైడులో 24 మాటలు నిలిచాయి. అయితే మీరు పక్కన లేనప్పుడు చదువుకునేలా మెయిల్లో పంపే డెక్‌కు ఇంత కోత సరిపడదు. దానికి కొంచెం వివరం ఉన్న ప్రతిని వేరుగా ఉంచుకోండి.

ఇంకొక చిక్కు సులభంగా కంటపడదు. గడిలో మాటలు ఎక్కువైతే పవర్‌పాయింట్ తనంతట తానే అక్షరాలను చిన్నవి చేస్తుంది. అందువల్ల ఒకే టెంప్లేటు వాడినా ఒక స్లైడులో 24, మరొకదానిలో 16 సైజు వస్తుంది. Format Shape లో Do not Autofit ఎంచుకుంటే ఎక్కువైన మాటలు గడి దాటి బయటికి వస్తాయి. ఏది కొట్టివేయాలో అప్పుడు మీకే కనిపిస్తుంది.

ఇక చార్టులు. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి, ఎందుకంటే నమ్మకం పోయేది ఇక్కడే. మావాడు “పురోగతి” కింద నిటారుగా ఎగబాకే గీత ఒకటి పెట్టాడు. అది మొదటినుంచి వచ్చిన ఆర్డర్లను కూడుతూ పోయిన మొత్తం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు నెలవారీ ఆర్డర్లు 410, 430, 425, 418, 402, 395. కూడుతూ పోతే 410 కాస్తా 2,480 అవుతుంది. వ్యాపారం తగ్గుతున్నా ఆ గీత పైకే వెళ్తుంది. పెట్టుబడి పెట్టేవారు ముందుగా అడిగేది నెలవారీ లెక్కే.

నెలవారీగా నిలువు పట్టీల చార్టు వేయగానే ఎదురు పొరపాటు వచ్చింది. అంకెల మధ్య తేడా తక్కువగా ఉన్నందువల్ల సాఫ్ట్‌వేర్ నిలువు అక్షాన్ని 370 దగ్గర మొదలుపెట్టింది. దాంతో 430నుంచి 395కు పడిన తగ్గుదల సగానికి మించి కూలినట్లు కనిపించింది. నిజానికి తగ్గింది దాదాపు పన్నెండో వంతు. Format Axis లో Minimum ను 0 చేశాక పట్టీల ఎత్తు అసలు నిష్పత్తిలోకి వచ్చింది.

తగ్గుదలకు కారణం అడిగితే, దూరాన ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ హాస్టళ్లకు వ్యాను బాడుగ గిట్టుబాటు కాక వాటిని వదులుకున్నామని చెప్పాడు. అంతవరకు డెక్‌లో ఎక్కడా లేని అసలు సంగతి అదే. ఆర్డరుకు మిగులు 140 రూపాయలనుంచి 230కి పెరిగింది. అంటే నెలకు 57,400 మిగిలే చోట 90,850 మిగిలింది. “ఆర్డర్లు కొంత తగ్గినా నెల మిగులు పెరిగింది” అని శీర్షిక పెట్టి, నెలవారీ ఆర్డర్ల పట్టీలు ఒకవైపు, నెల మిగులు పట్టీలు మరొకవైపు వేశాము. రెండు కొలతలనూ ఒకే చార్టులో చెరో అక్షం మీద వేయవద్దన్నాను. అక్షాల కొలత మార్చి ఏ గీతనైనా ఏ గీతకైనా పైన నిలబెట్టవచ్చు. ఏ రంగు దేనిదో చెప్పే పట్టికను కూడా తీసేసి, మొదటి నెల, చివరి నెల పట్టీల మీద మాత్రమే అంకెలు రాశాము.

మీ చార్టుల్లో ప్రతిదానినీ ఇలాగే దాని శీర్షిక పక్కన పెట్టి చూడండి. శీర్షిక చెప్పిన మాటను చార్టు చూపలేకపోతే, రెండింటిలో ఏది తప్పో తేలేవరకు ఆ స్లైడును పక్కన ఉంచండి. పంపేటప్పుడు మాత్రం పీడీఎఫ్‌గానే పంపండి. మీరు వాడిన ఫాంటు ఎదుటివారి కంప్యూటరులో లేకపోతే వేరొకటి వచ్చి, సర్దిన వరుసలన్నీ చెదిరిపోతాయి.