మార్మిక అనుభవాల వెనక ఒకటే మూలం ఉందా? వ్యాసానికి ఔట్‌లైన్

ప్రశ్న: వేర్వేరు మతాల మార్మికులు తమ అనుభవం గురించి చెప్పిన మాటలు ఒకేలా ఉంటాయి కదా, వాటన్నిటి వెనక ఒకటే అనుభవం ఉందని అనొచ్చా? విమర్శనాత్మక వ్యాసం రాయాలి, ఔట్‌లైన్ చెప్పండి.

జవాబు: ఎం.ఏ. ఫిలాసఫీలో నేనూ దీని మీదే రాశాను. మొదటి డ్రాఫ్టులో ఒక పట్టిక వేశాను. ఎడమవైపు ఉపనిషత్తు, కుడివైపు క్రైస్తవ, సూఫీ వాక్యాలు. ఆ పోలికలు చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. మా సార్ మాత్రం ప్రతి వాక్యంలోనూ ‘ఏకత్వం’ అన్న మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, “ఇది అనుభవించినవాళ్లు అన్న మాటా, అనువాదకుడు పెట్టిన మాటా?” అని అడిగారు. సగం వాక్యాలకి నా దగ్గర జవాబు లేదు. మీరు అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొదటి భాగంలో తత్వవేత్త వాల్టర్ స్టేస్ 1960లో చేసిన వాదన పెట్టండి. ఆలోచనలు, ఇంద్రియాలు అన్నీ ఆగిపోయి వట్టి చైతన్యమే మిగిలే అంతర్ముఖ అనుభవం అన్ని సంప్రదాయాల్లోనూ ఒకటేనని, తేడాలన్నీ దానికి తర్వాత ఇచ్చుకున్న వ్యాఖ్యానంలోనివేనని ఆయన అంటాడు. ఆయన తెచ్చిన ముఖ్యమైన సాక్ష్యాల్లో మాండూక్యోపనిషత్తు ఏడో మంత్రం ఒకటి. దాన్ని మూలంలో చదవండి. ‘ప్రపంచోపశమం శాంతం శివమద్వైతం’ అని, మెలకువ, కల, గాఢనిద్ర దాటిన తురీయం ఎలాంటిదో బోధిస్తుంది తప్ప ‘నాకు ఇలా జరిగింది’ అని అందులో ఎవరూ చెప్పరు. బోధని సాక్ష్యంగా లెక్కేస్తే పోలికలు సులువుగా దొరుకుతాయి. ఇంకొకటి, దర్శనాలు, దివ్యవాణులు మార్మిక అనుభవం కిందికి రావని స్టేస్ ముందే పక్కన పెట్టేశాడు. తేడాగా ఉన్నవాటిని ముందే తీసేస్తే మిగిలినవి ఒకేలా ఉండటంలో వింత లేదు.

రెండో భాగంలో నిజంగా ‘నేను’ అని చెప్పిన ఒక్క మనిషిని తీసుకుని లోతుగా చూడండి. నేను రమణ మహర్షిని తీసుకున్నాను. 1896లో మదురైలో, పదహారేళ్ల వయసులో, మేడ మీద గదిలో ఉండగా ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. శవంలా కాళ్లూ చేతులూ బిగదీసి పడుకుని, పెదాలు మూసుకుని, ‘ఈ శరీరం చచ్చిపోతే నేను చచ్చిపోతానా?’ అని విచారించారు. అప్పటికి తాను చదివింది శివభక్తుల కథలున్న పెరియపురాణం, బడిలో బైబిల్ పాఠాలు, కొన్ని తమిళ భక్తి పాటలేనని, బ్రహ్మం అన్న మాటే వినలేదని ఆయన చెప్పారు.

ఇప్పుడు స్టేస్‌కి ఎదురు వాదించిన స్టీవెన్ కాట్జ్‌ని తీసుకురండి. సంస్కృతి వ్యాఖ్యానాన్నే కాదు, అనుభవాన్నే మలుస్తుందని 1978లో ఆయన వాదించాడు. అదే నిజమైతే పెరియపురాణం చదివిన పిల్లవాడికి శివుడు కనిపించాలి కదా? ఇది కాట్జ్‌కి గట్టి ఇబ్బందే. అయితే ఈ కథనం పుస్తకంలోకి వచ్చింది 1931లో, నరసింహస్వామి రాసిన ఇంగ్లీషు జీవితచరిత్రలో. అచ్చంగా రమణులు అన్న మాటలే ఇవి కావని ఆ రచయితే నోట్ రాశాడు. తిరువణ్ణామలైలో రిభుగీత వంటి అద్వైత గ్రంథాలు విన్నాకే తన స్థితికి పేర్లున్నాయని తెలిసిందని రమణులే చెప్పారు. అంటే అనుభవానికీ, అచ్చైన కథనానికీ మధ్య దాదాపు 35 ఏళ్ల అద్వైత పరిభాష ఉంది. ఒకే సాక్ష్యం రెండు పక్షాలకీ పనికొస్తోంది. వ్యాసంలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వండి.

దీని పక్కన యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్‌ని పెట్టండి. తనకి విభజన లేని ఏకత్వం అనుభవమైందని, అప్పట్లో అది దైవంతో ఐక్యమేనని అనుకున్నానని, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నానని ఆయనే రాశాడు. అనుభవం ఒకటే, మనిషి ఒకడే, అర్థాలు రెండు. అనుభవాన్నీ వ్యాఖ్యానాన్నీ కొంతైనా విడదీయొచ్చని నన్ను ఒప్పించింది ఈ ఉదాహరణే. కానీ ఐక్యం అన్న అర్థాన్ని వదులుకోవడంలో ఆయన యూదు నేపథ్యం పాత్ర ఎంతో కూడా అడగాలి.

సర్వేల గురించి ఒక పేరా చాలు. మనస్తత్వవేత్త రాల్ఫ్ హుడ్ మార్మిక అనుభవాన్ని కొలవడానికి 1975లో చేసిన 32 వాక్యాల స్కేల్‌తో అమెరికాలోనూ ఇరాన్‌లోనూ జవాబులు ఒకే రకంగా గుంపులు కట్టాయి. కానీ ఆ వాక్యాలు స్టేస్ లక్షణాల నుంచే తయారయ్యాయి కాబట్టి, ఆయన జాబితాలో లేని అనుభవం గురించి అడిగే వీలే ఆ స్కేల్‌లో లేదు.

చివరి భాగంలో రెండు ప్రశ్నలని కలిపేయకండి. అనుభవాలు పోలి ఉన్నాయా అన్నది ఒకటి, అవి ఒకే సత్యాన్ని చూపిస్తున్నాయా అన్నది ఇంకొకటి. మెదడు అందరికీ ఒకే తీరులో ఉండటం వల్ల కూడా పోలిక రావచ్చు. నా రెండో డ్రాఫ్టులో పట్టిక తీసేసి రమణులనీ బూబర్‌నీ మాత్రమే ఉంచాను. ఈసారి సార్ ఎర్ర పెన్ను తియ్యలేదు, ‘బూబర్ పేరా ఇంకొంచెం పెంచు’ అని మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసిచ్చారు.