టమాటాల బండి దగ్గర బేరం

చిరంజీవి అమ్మలుకి పిన్ని ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అన్నావు కదా, బేరమాడితే పాపం చేసినట్టుంటుంది, ఆడకపోతే మోసపోయినట్టుంటుంది, బజారుకి వెళ్లాలంటేనే టెన్షన్ అని. ఈ రెండు బాధలకీ కారణం ఒక్కటే. ఆ సరుకు అమ్మేవాడికి ఎంతకు పడిందో నీకు తెలియదు. అది తెలిస్తే ఎంత అడగాలో, ఎక్కడ ఆగాలో నీకే తోస్తుంది. నేను కొన్నాళ్లు బండి వెనక నిలబడి అమ్మినదాన్ని, ఆ తర్వాత ఇన్నేళ్లుగా సంచి పట్టుకుని కొంటున్నదాన్ని. అందుకే రెండు వైపుల లెక్కా చెబుతాను. అన్ని సరుకుల గురించీ రాస్తే ఏదీ గుర్తుండదు. టమాటాలు ఒక్కటే తీసుకుందాం.

ముందు అతని లెక్క చూడు. అంకెలు ఊరికే లెక్క కోసం వేస్తున్నాను, మీ దగ్గర రేటు ఎంతుంటే అంత పెట్టుకో. టోకు మార్కెట్లో 20 కిలోల పెట్టె 400కి కొన్నాడనుకో. కిలో 20 పడిందని నువ్వు అనుకుంటావు. అతనికి అంతకు పడదు. కూలి, ఆటో, బండి పెట్టుకున్నందుకు కట్టే రుసుము, కవర్లు కలిపి ఇంకో 50 అవుతుంది. మొత్తం 450. పెట్టె విప్పితే అడుగున నలిగినవి, పగిలినవి, కుళ్లు మొదలైనవి ఓ 2 కిలోలు తేలతాయి. దాన్ని తరుగు అంటారు. అంటే 450 రాబట్టుకోవలసింది 18 కిలోల మీద. కిలోకి 25. తన కష్టానికి ఒక్క పైసా వేసుకోకుండానే ఇంత.

ఇప్పుడు అతను కిలో 40 చెప్పాడు. సగానికి అడిగితేనే బేరం వచ్చినట్టని చాలామంది నమ్ముతారు. సగం అంటే 20. అతను కొన్న ఖర్చు కూడా రాని ధర అది. అలా అడిగితే రెండే జరుగుతాయి. మొహం తిప్పుకుంటాడు, లేదా నవ్వుతూ ఒప్పుకుని తూకంలోనో సరుకులోనో తీసేసుకుంటాడు. అదే 32కి ఇస్తే కిలోకి 7 మిగులుతుంది. 18 కిలోలూ అమ్ముడైతే 126. సాయంత్రానికి మిగిలినవి ఎంతో కొంతకి తోసేయాలి కాబట్టి చేతికి వచ్చేది అంతకన్నా తక్కువే. పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డ మనిషికి అది ఎక్కువేం కాదు. కాబట్టి ఈ సరుకుకి 32, 34 మధ్య ధర ఇద్దరికీ న్యాయం. నీ బేరమంతా 40కీ 32కీ మధ్యనే. ఈ సంగతి మనసులో ఉంటే గొంతు పెంచాల్సిన అవసరమే రాదు.

టోకు ధర ఎలా తెలుస్తుందంటావా? చాలా చోట్ల దినపత్రికలో కూరగాయల రేట్లు వేస్తారు. లేదా ఒక రోజు తెల్లవారుజామున టోకు మార్కెట్‌కి వెళ్లి, ఏమీ కొనకపోయినా పెట్టె ఎంత పలుకుతుందో విని రా. ఏదీ కుదరకపోతే బజారులో మొదటి బండి దగ్గరే ఆగిపోకుండా మూడు బండ్ల దగ్గర రేటు విను. ఒకటి మాత్రం గుర్తుంచుకో. టమాటా రేటు రోజుకో రకంగా ఉంటుంది. వాన పడి లారీలు ఆగిపోయిన రోజున "నిన్న ఇంతకే ఇచ్చారుగా" అంటే ఆ మాటకి విలువ లేదు. నిన్నటి పెట్టె రేటు వేరు, ఇవాళ్టిది వేరు.

ఇక సరుకు చూడటం. ఎక్కువమంది బొటనవేలితో నొక్కి చూస్తారు. ఆ పని చేయకు. నొక్కిన చోట రేపటికి మెత్తబడి నీరు కారుతుంది, ఆ నష్టం అతనిదే అవుతుంది. అందుకే నొక్కేవాళ్లని చూస్తే అమ్మేవాళ్లకి ఒళ్లు మండుతుంది. అరచేతిలో పెట్టుకుని బరువు చూడు. మంచి కాయ చూడటానికి ఉన్నదానికన్నా బరువుగా తగులుతుంది. తొడిమ దగ్గర చూడు. ఆకుపచ్చగా ఉంటే కోసి ఎక్కువ రోజులు కాలేదు. ఎండి నల్లబడి, చుట్టూ తోలు ముడతలు పడితే పాతది. తొడిమ చుట్టూ పగుళ్లున్న కాయని ఆ రోజే వండుకోవాలి, దాచితే పగులులో బూజు పడుతుంది. ఇవాళ్టికి ఎర్రగా పండినవి, మూడు నాలుగు రోజుల తర్వాతకి దోరవి తీసుకో. దోరవి ఇంట్లో బయట పెడితేనే పండుతాయి, ఫ్రిజ్‌లో పెడితే ఆ రుచి రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చాలామంది పట్టించుకోనిది ఇదే. ఏరుకుంటే ఒక ధర, కలిపి తీసుకుంటే ఒక ధర. నువ్వు కుప్పలోంచి మంచివన్నీ ఏరుకుపోతే వెనకాల వచ్చేవాళ్లకి మిగిలేది రెండో రకం. ఆ మేరకు అతని కుప్ప విలువ పడిపోతుంది. అందుకే ఏరుకోనిచ్చి ధర కూడా తగ్గించమంటే చికాకు పడతాడు. అందులో తప్పేమీ లేదు. నీకు ఏది కావాలో ముందే అనుకుని వెళ్లు. ఏరుకునేట్టయితే ధర దగ్గర పెద్దగా పట్టుబట్టకు. ధర తగ్గాలంటే కుప్ప ఎలా ఉంటే అలా తీసుకో.

మాట ఇలా నడుస్తుంది.

"టమాటాలు ఎంతన్నా?"

"కిలో 40 అమ్మా."

"40కి ఏరుకోవచ్చా?"

"ఏరుకోండి."

"ఏరుకోను, కలిపే వేయండి. రెండు కిలోలు తీసుకుంటాను. 32 చేసుకోండి."

"32 రాదమ్మా, 35 ఇవ్వండి."

"రెండు కిలోలకీ కలిపి 66 ఇస్తాను, చిల్లర ఉంది నా దగ్గర."

ఇక్కడ చాలామంది ఒప్పుకుంటారు. ఎందుకంటే అతనికి నువ్వు మూడు ఇచ్చావు. ఏరుకోలేదు, రెండు కిలోలు ఒకేసారి కొన్నావు, చిల్లర వెతుక్కునే పని పెట్టలేదు. అతను తగ్గించిన దానికి బదులు అతని చేతికి ఏదో వచ్చింది. సరుకుని తిట్టి తగ్గించమనే కన్నా ఈ దారి ఎప్పుడూ బాగా పనిచేస్తుంది. "ఇవేం కాయలు, ఎవరు కొంటారు" అన్నావంటే, మరి నువ్వెందుకు కొంటున్నావని అతనికి అనిపిస్తుంది. నిజంగా లోపం కనబడితే వేలు పెట్టి చూపించు. "ఈ పక్కవి కాస్త మెత్తబడ్డాయి, ఇవాళే వండేస్తాను, వీటికి ఎంతిస్తారు?" అను. మెత్తబడ్డ సంగతి అతనికీ తెలుసు, దాచేదేమీ లేదు కాబట్టి సూటిగా ధర చెబుతాడు.

కలిపి తీసుకోవడం ఎప్పుడూ లాభమని మాత్రం అనుకోకు. రెండు కిలోల్లో 200 గ్రాములు పారేయాల్సి వచ్చినా, మిగిలిన 1.8 కిలోలకి నువ్వు ఇచ్చింది 66. అంటే కిలో దాదాపు 37 పడింది. ఏరుకుని 40 ఇచ్చినదానికన్నా నయం. అదే 400 గ్రాములు పోతే కిలో 41 దాటుతుంది, బేరం చేసి మరీ నష్టపోయినట్టు. కాబట్టి ధర మాట్లాడకముందే కుప్పలో పైనా పక్కనా పది కాయలు చూడు. అందులో ఒకటి మెత్తగా ఉంటే ఫర్వాలేదు, కలిపి తీసుకో. రెండు ఉంటే ఏరుకుని 40కే కొను, లేదా పక్క బండికి వెళ్లు. కుప్ప ముందు వైపు నిగనిగలాడుతూ ఉండి, కాటాలో వేసేవి మాత్రం వెనక నుంచి తీస్తుంటే, "ముందువీ వెనకవీ కలిపి వేయన్నా" అని మామూలుగా చెప్పు. కోపంగా చెప్పాల్సిన పనిలేదు.

తూకం సంగతి కూడా ఇక్కడే. బేరంలో తగ్గించింది తూకంలో పోవడం నేను చాలా చూశాను. కిలోకి 900 గ్రాములే తూగితే 33 ఇచ్చినా నీకు కిలో 36 దాటి పడినట్టు. సరుకు వేయకముందు కాటా మీద సున్నా ఉందో లేదో చూడు. గిన్నె పెట్టి తూస్తే గిన్నె బరువు తీశాడో లేదో చూడు. అనుమానం వస్తే నీ సంచిలోని లీటరు నీళ్ల సీసాని కాటా మీద పెట్టనివ్వమని అడుగు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి, సీసాతో కలిపి ఇంకాస్త ఎక్కువే చూపించాలి. తక్కువ చూపిస్తే గొడవ పెట్టుకోకుండా "ఇవాళ వద్దులెండి" అని వచ్చేయ్. ఒకసారి సరిగ్గా తూస్తాడని తెలిసిన బండిని మాత్రం వదులుకోకు. అక్కడ రూపాయి ఎక్కువైనా నాకు బాధ ఉండదు.

ధర కుదిరాక ఇంక తగ్గించమనకు. 66కి ఒప్పుకున్నాక 65 చేతిలో పెట్టి నడిచి వచ్చేవాళ్లంటే బండి వెనక ఉన్నప్పుడు నాకు చాలా కష్టంగా ఉండేది. కొసరు అడగాలంటే ధర మాట్లాడేటప్పుడే అడుగు. "66కి రెండు కిలోలు, పైన రెండు కాయలు వేస్తారా?" అని ఒకే మాటలో అడిగితే అతను తన లెక్క చూసుకుని ఒప్పుకుంటాడు, లేదంటాడు. లేదంటే నవ్వేసి ఊరుకో. అలాగే కొనే ఉద్దేశం లేకుండా ధర తగ్గించమని అడగకు. అతను ఒప్పుకున్నాక నువ్వు వెళ్లిపోతే, పక్కన వింటున్న ఇంకొకరికి కూడా అదే ధరకి ఇవ్వాల్సి వస్తుంది.

వేళ కూడా చూసుకో. పొద్దున్నే సరుకు తాజాగా ఉంటుంది, ధర తగ్గదు. బండి సర్దుకునే వేళకి ధర తగ్గుతుంది, కానీ అప్పటికి పదిమంది ఏరుకుపోయిన కుప్ప మిగులుతుంది. అప్పుడు పైన చెప్పిన పది కాయల లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ వేళ మిగిలిన నాలుగు కిలోలూ నువ్వే తీసుకుంటానంటే 25 కన్నా తక్కువకి కూడా తనంతట తనే ఇస్తాడు. ఇంటికి మోసుకెళ్తే రేపటికి అందులో సగం తరుగే కదా. అలా తనే తగ్గించినప్పుడు ఇంకా కిందికి లాగకు.

ఎవరైనా మొదటే 33 చెబితే? బేరం వద్దు. డబ్బులిచ్చి తీసుకో. అలవాటు కొద్దీ "30 చేయండి" అంటే, ఆ మనిషి రేపట్నుంచి నీకూ 40 చెప్పడం మొదలుపెడతాడు.

బట్టలు, సంచులు, చెప్పులు కొనేటప్పుడు ఈ లెక్క సరిగ్గా పనికిరాదు. అవి కుళ్లవు, అమ్మేవాడికి తొందర ఉండదు, మొదటి ధరని బాగా పెంచి చెప్పేవాళ్లూ ఉంటారు. వాటికి కుట్టు, జిప్పు, అంచు చూసే పద్ధతి వేరే ఉంది, అది ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఈ వారం మాత్రం టమాటాలకే వెళ్లు. మీ దగ్గర పెట్టె రేటు, బండి రేటు ఎంతున్నాయో, పదింట్లో ఎన్ని మెత్తగా ఉన్నాయో నాకు ఫోన్ చేసి చెప్పు. ఎక్కడ ఆగాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పిన్ని