ఆఫర్ లెటర్‌లో ‘బేస్ లొకేషన్’ దగ్గర ఏం రాశారు?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. జావా బ్యాకెండ్‌లో నాలుగేళ్ల అనుభవం ఉంది. హైదరాబాద్ కంపెనీలో 15 లక్షల సీటీసీ, అందులో లక్షన్నర వేరియబుల్. మేనేజర్ సరేననడంతో రెండేళ్లుగా ఖమ్మంలో ఇంటి నుంచే పని చేస్తున్నాను. వచ్చే నెల నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మని మెయిల్ వచ్చింది. ఇంతలో ఒక బెంగళూరు కంపెనీ పూర్తి రిమోట్ అని 12 లక్షలకు ఆఫర్ ఇచ్చింది. ఆ టీమ్‌లో తొమ్మిది మందైతే రిమోట్‌లో ఉన్నది ఇద్దరే. నాన్నకు నిరుడు బైపాస్ అయింది. ఇంట్లో అమ్మా నాన్నా తప్ప ఎవరూ లేరు. మూడు లక్షలు వదులుకుని ఊళ్లోనే ఉండిపోవాలా?

జవాబు: ముందు ఆ మూడు లక్షల సంగతి చూద్దాం. కాగితం మీద కనిపించేంత తేడా మీ చేతికి వచ్చే డబ్బులో లేదు. రెండు చోట్లా బేసిక్ 40 శాతం, దాని మీద పీఎఫ్ 12 శాతం అనుకుందాం. 15 లక్షల్లోంచి వేరియబుల్, కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ తీసేస్తే పన్నెండున్నర లక్షల దాకా మిగులుతుంది. అందులో మీ పీఎఫ్, ఆదాయపు పన్ను పోగా నెలకు 91 వేలు అటూ ఇటూగా చేతికొస్తాయి. 12 లక్షల ఆఫర్‌లో వేరియబుల్ లేదనుకుంటే నెలకు 88 వేల చిల్లర వస్తుంది. కారణం పన్ను. 2025-26 నుంచి కొత్త విధానంలో జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని పన్నెండు ముప్పావు లక్షల దాకా పన్ను పడదు. రెండో ఆఫర్ ఆ గీతకు ఇవతలే ఆగిపోతుంది, మీ ఇప్పటి జీతం వేరియబుల్ కూడా కలిసేసరికి దాటిపోతుంది.

అంటే నెలకు తేడా మూడు వేలు. దానికి తోడు ఏడాదికోసారి వచ్చే వేరియబుల్, అదీ మొత్తం ఇస్తే. హైదరాబాద్‌లో పీజీయో, ఇద్దరు ముగ్గురు కలిసి అద్దెకు తీసుకున్న ఫ్లాటో, తిండి, రాకపోకలు కలిపి నెలకు 20 వేలు దాటితే ఆ వేరియబుల్ కూడా అక్కడే కరిగిపోతుంది. కాబట్టి ఒక్క డబ్బే చూస్తే ఖమ్మమే నయం. కానీ మీరు తేల్చుకోవాల్సింది అది కాదు.

మీరు రెండేళ్లు ఇంటి నుంచి పని చేయగలిగింది మేనేజర్ మాట మీద. ఆ మాట ఎక్కడా రాసి లేదు కాబట్టే ఒక్క మెయిల్‌తో ఎగిరిపోయింది. కొత్త కంపెనీలోనూ అదే జరగొచ్చు. నా దగ్గరకు వచ్చిన ఒకబ్బాయిది సరిగ్గా ఇదే కథ. 2022లో రిమోట్ అని చేరాడు, ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు, పిల్లను అక్కడే బడిలో వేశాడు. రెండేళ్లకు మేనేజర్ మారాడు. అరవై రోజుల్లో ఆఫీసులో రిపోర్ట్ చేయమన్నారు. లెటర్ తీసి చూస్తే ‘బేస్ లొకేషన్: బెంగళూరు, ప్రస్తుతానికి రిమోట్’ అని ఉంది. చేరేటప్పుడు ఆ ‘ప్రస్తుతానికి’ అనే మాట మీద అతని చూపు పడలేదు. ఇంటి లోన్ కడుతూ బెంగళూరులో అద్దె కూడా కడుతున్నాడు.

అందుకని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి బేస్ లొకేషన్ దగ్గర ఖమ్మం అని రాయించుకోండి. కంపెనీ అవసరాన్ని బట్టి ఎక్కడికైనా బదిలీ చేయవచ్చన్న షరతు దాదాపు ప్రతి లెటర్‌లోనూ ఉంటుంది, దాన్ని తీసేయమంటే తీసేయరు. అయితే బదిలీ చేస్తే కనీసం 90 రోజుల ముందు చెప్పాలని, ఇల్లు మారే ఖర్చు ఇవ్వాలని అడగొచ్చు. దానికి ఒప్పుకుంటే వాళ్లు రిమోట్‌ను సీరియస్‌గానే అంటున్నారు. ఫోన్‌లో ‘డోంట్ వర్రీ, అందరం ఫ్లెక్సిబుల్’ అని చెప్పి, మెయిల్‌లో మాత్రం జవాబు రాకపోతే మీకు విషయం అర్థమైపోయినట్టే.

దీనికన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ తొమ్మిది మందిలో ఇద్దరు అన్న లెక్క. అందరూ రిమోట్‌లో ఉన్న టీమ్‌లో మాటలన్నీ రాతలోకి వస్తాయి. డిజైన్ డాక్యుమెంట్ రాస్తారు, దాని కిందే వాదించుకుంటారు, ఎవరెక్కడున్నా చదువుకోవచ్చు. ఏడుగురు ఒకే గదిలో కూర్చునే టీమ్‌లో అలా కాదు. పేమెంట్ సర్వీస్‌ను రెండుగా విడగొట్టాలా వద్దా అన్నది మధ్యాహ్నం భోజనం దగ్గర తేలిపోతుంది. మీకు నాలుగింటికి జిరా టికెట్ వస్తుంది, అందులో ఏం చేయాలో ఉంటుంది గానీ ఎందుకో ఉండదు. ఏడాది పాటు ‘ఎందుకు’ తెలియకుండా టికెట్లు మూసేస్తూ పోతే ఐదేళ్ల అనుభవం వచ్చేసరికి ఇంటర్వ్యూలో సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో దొరికిపోతారు. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఈ నష్టం పెద్దగా అంటదు, నాలుగేళ్ల వాళ్లకు గట్టిగా తగులుతుంది.

ఆ టీమ్ సంగతి తెలియాలంటే హెచ్‌ఆర్‌ను కాదు, ఆ ఇద్దరు రిమోట్ వాళ్లలో ఒకరితో పావుగంట మాట్లాడించమనండి. వాళ్లను రెండే అడగండి: పోయినసారి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు మిమ్మల్ని కాల్‌లోకి పిలిచారా, లేక మర్నాడు తెలిసిందా? మీ ఇద్దరిలో ఎవరికైనా ప్రమోషన్ వచ్చిందా?

ఇక నాన్నగారి విషయం. ఇద్దరు మనుషులే ఉన్న ఇంట్లో బైపాస్ అయిన మనిషి పక్కన కొడుకు ఉంటే ధైర్యమే, కాదనను. కానీ దాంతోపాటు ఇన్సూరెన్స్ చూడండి. మీ ఇప్పటి కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారా? కొత్త కంపెనీలో ఉంటారా? గ్రూప్ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. అదే బయట సొంతంగా కొత్తగా తీసుకుంటే, పాత జబ్బు మీద మూడేళ్ల దాకా ఆగాల్సి రావొచ్చు. బైపాస్ అయినవారికి అసలు పాలసీ ఇవ్వడానికే కొన్ని కంపెనీలు వెనకాడతాయి. కొత్త చోట తల్లిదండ్రులకు కవర్ లేకపోతే, నాన్న కోసమే చేసిన మార్పు నాన్నకే నష్టం చేస్తుంది.

నన్నడిగితే, బేస్ లొకేషన్ ఖమ్మం అని రాసిచ్చి, తల్లిదండ్రులకు కవర్ ఇచ్చి, ఆ రిమోట్ మనిషి జవాబులు బాగున్నాయనిపిస్తేనే చేరండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా హైదరాబాద్ వెళ్లండి. ఖమ్మం నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, శుక్రవారం సాయంత్రం బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉంటారు. వెళ్లే ముందు మీ మేనేజర్‌ను నెలకో వారం ఇంటి నుంచి పని చేస్తానని అడగండి, కారణం నాన్నగారి చెకప్‌లు అని మెయిల్‌లోనే రాయండి. ఐదు రోజులూ అన్న కంపెనీలు కూడా వైద్య కారణాలకు కొంత సడలిస్తుంటాయి. అక్కడ ఏడాదిన్నరలో ఒక సర్వీస్ పూర్తిగా మీ చేతికి వచ్చేలా చూసుకుని, అందరూ రిమోట్‌లో ఉండే టీమ్‌ల కోసం అప్పుడు వెతకండి.

ఒకవేళ ఇంటి నుంచే అని తేలితే, ఇంటర్నెట్ రెండోది వేరే కంపెనీది, వేరే దారిలో వచ్చే కేబుల్‌ది తీసుకోండి. ఒకే స్తంభం మీద వచ్చే రెండు లైన్లు రోడ్డు వెడల్పు చేసే రోజున కలిసే తెగుతాయి, అప్పుడు పెట్టె మీద LOS దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగకుండా దానికంటూ చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. అమ్మకు మాత్రం మొదటి వారంలోనే చెప్పండి, పది గంటల స్టాండప్ టైమ్‌లో గ్యాస్ బండ వచ్చినా మీరు లేవరని.