గర్భిణికి కోలిన్: ఆహారమా, మాత్రలా?

గర్భంతో ఉన్నప్పుడు కోలిన్ అనే పోషకం రోజుకు ఎంత కావాలి? అది ఆహారంతోనే అందుతుందా, మాత్ర వేసుకోవాలా?

రోజుకు సుమారు 450 మిల్లీగ్రాములు చాలు. గుడ్లు తినేవారికి ఇది చాలావరకు ఆహారంతోనే అందుతుంది, తిననివారికి మాత్ర అవసరం కావచ్చు. పాలిచ్చే తల్లికి 550 కావాలి.

శిశువులో కొత్తగా ఏర్పడే ప్రతి కణానికీ పొర కావాలి. ఆ పొరల్లోని ప్రధాన కొవ్వు పదార్థం కోలిన్‌తోనే తయారవుతుంది. జ్ఞాపకశక్తికి తోడ్పడే మెదడు రసాయనం అసిటైల్‌కోలిన్‌కూ ఇదే ముడిసరుకు. అందుకే మావి తల్లి రక్తం నుంచి కోలిన్‌ను శిశువుకు పంపుతూనే ఉంటుంది. తల్లి కాలేయం కొంత తయారుచేసినా అది సరిపోదు.

ఒక పెద్ద గుడ్డులో దాదాపు 145 మిల్లీగ్రాములు ఉంటుంది, అదీ దాదాపు అంతా పచ్చసొనలోనే. రెండు గుడ్లతో 290, రెండు కప్పుల పాలతో 80, అర కప్పు వేయించిన సోయా గింజలతో మరో 100 వస్తే లెక్క పూర్తయినట్టే. తెల్లసొన మాత్రమే తింటే ఈ లెక్క తప్పుతుంది.

ఫోలిక్ ఆమ్లం మాత్రలోనే కోలిన్ కూడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. గర్భిణులకిచ్చే చాలా మాత్రల్లో ఇది ఉండదు, ఉన్నా కొద్దిగానే. డబ్బా మీద ‘కోలిన్ బైటార్ట్రేట్ 500 మిల్లీగ్రాములు’ అని ఉంటే, అది మొత్తం లవణం బరువు కావచ్చు. అందులో అసలు కోలిన్ సుమారు 200 మాత్రమే. అలాగని మోతాదు సొంతంగా పెంచకండి, వైద్యులను అడగండి. మరీ ఎక్కువైతే వాంతులు, చెమటలు, ఒంటికి చేపల వాసన, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు.