సీటీ మార్చినా ఎంఎఫ్ మార్చలేదు: మూడేళ్ల తేడా మీద బిల్లు వేయవచ్చా?

ప్రశ్న: చిన్న మౌల్డింగ్ యూనిట్ నడుపుతున్నాను. లోడ్ పెంచినప్పుడు డిస్కం వాళ్లే, కేబుల్‌లోని కరెంటును తగ్గించి మీటరుకు పంపే సీటీలు మార్చారు. బిల్లు కోసం మీటరు రీడింగును గుణించే సంఖ్య, అంటే ఎంఎఫ్, మాత్రం పాతదే ఉంచిన తప్పు ఇప్పుడు ఆడిట్‌లో బయటపడిందని దాదాపు మూడేళ్ల తేడా కట్టమంటున్నారు. కట్టకపోతే మూడు రోజుల్లో కరెంటు తీసేసి చౌర్యం కేసు పెడతారట. తప్పు వాళ్లది కదా, నేనెందుకు కట్టాలి?

జవాబు: చౌర్యం కేసు గురించి టెన్షన్ పెట్టుకోకండి. విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 135 ప్రకారం చౌర్యానికి దురుద్దేశం ఉండాలి. సీటీ బిగించింది వాళ్లు, బిల్లు లెక్క వేసింది వాళ్లు. మీరు సీలు ముట్టుకోనంత వరకు ఇది బిల్లింగ్ పొరపాటే.

బాకీ సంగతి వేరు. మీకు 100/5 సీటీ తీసి 200/5 పెట్టారనుకుందాం. మొదటిదానికి ఎంఎఫ్ 20, రెండోదానికి 40. మీటరు నెలలో 1,250 తిరిగితే 50,000 యూనిట్లు కావాలి, పాత ఎంఎఫ్‌తో 25,000కే బిల్లు వచ్చింది. మీరు వాడుకుని డబ్బు కట్టని కరెంటు అది. ప్రేమ్ కాటెక్స్ కేసులో 10కి బదులు 5తో బిల్లు వేస్తే, ఆ తేడా అడగడాన్ని 2021లో సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టంలోని రెండేళ్ల గడువు దాటింది కాబట్టి బాకీ పోయిందన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి. అయితే ఇలాంటి పాత తేడా కోసం కరెంటు తీసేయకూడదని 2020లో అజ్మీర్ డిస్కం కేసులో అదే కోర్టు చెప్పింది. మామూలు బాకీకైనా సెక్షన్ 56 కింద 15 రోజుల లిఖిత నోటీసు తప్పనిసరి. మూడు రోజుల బెదిరింపు చెల్లదు.

మీరు గట్టిగా పట్టుకోవాల్సింది లెక్కను. ముందు ఎంఎఫ్ నిజంగా 40యేనా చూడండి. యంత్రాలు నడుస్తుండగా తీగ తెంపకుండా కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌ను కేబుల్‌కు పెట్టించండి. కేబుల్‌లో 120 ఆంపియర్లు ఉండి, మీటరుకు చేరే సీటీ తీగలో 3 చూపిస్తే 40 సరైనదే. అధికారి సమక్షంలో చేయించి సంతకం తీసుకోండి.

తర్వాత తేదీ. సీటీ మార్చిన రోజు రిపోర్టు అడగండి. మీ పాత బిల్లులు వరుసగా పరవండి. పని తగ్గకుండానే యూనిట్లు సగానికి పడిపోయిన నెల కనబడుతుంది. ఆ నెల రిపోర్టు తేదీతో కలవాలి. ఆడిట్ వాళ్లు అంతకు ముందు నెలలు కలిపి ఉంటే అవి కొట్టేయించుకోవచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఎంఎఫ్ రెట్టింపైతే గరిష్ఠ డిమాండ్ కూడా రెట్టింపై, కాంట్రాక్ట్ లోడ్ దాటినట్టు పెనాల్టీ పడవచ్చు. ప్రతి నెలా బిల్లు సగమే చూపిస్తుంటే లోడ్ దాటుతున్నట్టు మీకెలా తెలుస్తుంది? యూనిట్ల తేడా ఒప్పుకున్నా ఈ పెనాల్టీని మాత్రం వదలకండి.

అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లండి. వివాదం తేలేదాకా, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు ప్రకారం నెలనెలా వచ్చే చార్జీ గానీ, ఏది తక్కువైతే అది 'నిరసనతో' అని రాసి కడితే, సెక్షన్ 56(1) ప్రకారం సరఫరా ఆపకూడదు. వేదికలో న్యాయం జరగకపోతే విద్యుత్ ఓంబుడ్స్‌మన్ ఉన్నారు. న్యాయంగా తేలిన బాకీకి వాయిదాలు కావాలని మొదటి దరఖాస్తులోనే అడగండి.