హోల్‌సేల్ వ్యాపారికి తరుగు గురించి తెలుగులో ఉత్తరం రాయడం

ప్రశ్న: మా కొట్టుకు విజయవాడ నుంచి వచ్చిన కందిపప్పులో తరుగు తేలింది. హోల్‌సేల్ వ్యాపారి పెద్దాయన, "తెలుగులో ఒక ఉత్తరం రాసి పంపండి" అన్నారు. నాకు ఇంగ్లీషు ఈమెయిళ్లే అలవాటు. ఎలా రాయాలి?

తెనాలిలో మా కిరాణా కొట్టు ఉత్తరాలు నేనే రాస్తాను. తరుగు ఉత్తరం ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన శ్రీ (ఇంటిపేరుతో పూర్తి పేరు) గారికి,
నమస్కారములు.
విషయం: బిల్లు నం. 412, కందిపప్పు తరుగు.
మీరు ఈ నెల 6న పంపిన 20 బస్తాల సరుకు 8న అందినది. బిల్లు ప్రకారం 1,000 కిలోలు ఉండవలసి ఉండగా, గోనె బరువు పోను 988 కిలోలు తూగినది. రెండు బస్తాల కుట్టు విడిపోయి ఉన్నది. ఈ సంగతి డ్రైవరు సమక్షంలో లారీ రసీదు మీద రాయించాము. 12 కిలోల తరుగుకు క్రెడిట్ నోట్ ఇప్పించగలరని కోరుచున్నాము. మిగతా పైకం 15వ తేదీలోగా జమ చేయగలము.
ఇట్లు, భవదీయుడు"

ఇంగ్లీషు ఈమెయిల్లో "మీరు 12 కిలోలు తక్కువ పంపారు, శుక్రవారంలోగా క్రెడిట్ నోట్ పంపండి" అన్నా ఎవరూ తప్పు పట్టరు. అదే తెలుగు కాగితం మీద పడితే నిలదీసినట్టు ఉంటుంది. ముందు "దయచేసి" చేర్చినా ఆ కరుకుదనం పోదు. అందుకే పై ఉత్తరంలో తక్కువ పంపినది ఎవరో చెప్పలేదు, సరుకు ఎంత తూగిందో చెప్పాం. అది కాటా దగ్గర జరిగిందో, దారిలో జరిగిందో ఆయనే విచారించుకుంటారు. "ఇవ్వండి" అనకుండా "ఇప్పించగలరు" అనడంలోనూ మర్యాద ఉంది. నోట్ రాసేది గుమస్తా, రాయించేది యజమాని. గడువు కూడా ఆయనకు పెట్టలేదు. మనం డబ్బు కట్టే తేదీ చెబితే, ఆలోగా లెక్క తేల్చాలని వాళ్లకే అర్థమవుతుంది.

మర్యాద పేరుతో అర్జీ భాషలోకి వెళ్లకండి. "తమరి దివ్య సముఖమునకు", "వినయపూర్వక విన్నపం" లాంటివి వ్యాపారంలో ఎబ్బెట్టుగా ఉంటాయి, మన హక్కును మనమే తగ్గించుకున్నట్టవుతుంది. "మీరు", "గారు" చాలు. యజమాని మహిళ అయితే "శ్రీమతి" అని రాయండి. ఫోన్లో "బాబాయ్ గారూ" అని పిలిచే చనువున్నా కాగితం మీద వద్దు. ఆ ఉత్తరం గుమస్తా, అకౌంటెంటు చేతుల్లోకి వెళ్తుంది. జీఎస్టీలో క్రెడిట్ నోట్ ఇవ్వాల్సింది అమ్మినవారే కాబట్టి వాళ్ల ఫైల్లో ఇదే ఆధారంగా ఉంటుంది.

అంకెలు మాత్రం బిల్లులో ఉన్నవి ఉన్నట్టే రాయండి. లారీ రసీదు నకలు జతచేసి, "జత: లారీ రసీదు" అని సంతకం కింద ఎడమవైపు రాయండి.