స్టవ్ ఆపినా చక్కెర మాడుతూనే ఉంటుంది

ప్రశ్న: కారమెల్ పుడ్డింగ్ కోసం చక్కెరను నీళ్లు పోయకుండా కరిగిస్తున్నాను. ఒకసారి ఉండలు కడుతోంది, ఇంకోసారి మాడి చేదవుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఉండలు గరిటె వల్ల వస్తాయి. చేదు మాత్రం చాలాసార్లు స్టవ్ ఆపేశాక వస్తుంది. ఇది నాకు మా మామయ్యగారి పుట్టినరోజు నాడు తెలిసింది.

మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో పదిమందికి పుడ్డింగ్ చేస్తున్నాను. అడుగు మందంగా ఉన్న గిన్నెలో చక్కెర చక్కగా తేనె రంగుకొచ్చింది. స్టవ్ ఆపి, అచ్చు ఇంకా తడిగా ఉందని తుడవడానికి వెళ్లాను. నిమిషం కూడా అయి ఉండదు. వచ్చి చూస్తే నల్ల కాఫీ రంగు, పైన సన్నగా పొగ. పాలు, గుడ్లు కలిపి పెట్టుకున్నాను కదా అని ఆ మాడిన పాకాన్నే అచ్చులో పోసేశాను. మామయ్యగారు రెండు చెంచాలు తిని, "పైన పాకం తీసేసి తింటానమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చక్కెర 170, 180 డిగ్రీల మధ్య తేనె రంగు నుంచి రాగి రంగుకి వస్తుంది. 190 దాటితే చేదు మొదలు. మందపాటి అడుగులో మిగిలిన వేడి ఆ కాస్త దూరాన్ని ఇట్టే దాటించేస్తుంది. అందుకే మీకు సులేమానీ చాయ్ రంగు కావాలంటే తేనె రంగు దగ్గరే స్టవ్ ఆపండి. వెంటనే గిన్నె అడుగుని చల్లనీళ్ల పళ్లెంలో రెండు మూడు సెకన్లు ఆనించండి. ఎక్కువసేపు ఉంచితే గట్టిపడిపోతుంది. పొడి అచ్చు ముందే పక్కన పెట్టుకోవాలి, అందులో తడి ఉంటే పాకం చిట్లి చేతుల మీద పడుతుంది.

ఇక ఉండల సంగతి. నేను 100 గ్రాముల చక్కెరని వెడల్పాటి స్టీలు గిన్నెలో పలచగా పరిచి, సన్నమంట మీద పెడతాను. ముందు అంచులు కరుగుతాయి. అప్పుడు గిన్నెను పట్టుకుని అటూ ఇటూ వంచి తిప్పుతాను, గరిటె పెట్టను. గరిటెతో కలిపితే కరగని చక్కెర చుట్టూ కరిగినది అంటుకుని ముద్దలవుతుంది. వీడియోల్లో "కలుపుతూనే ఉండండి" అంటూ పెద్ద మంట పెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అదీ నల్ల నాన్‌స్టిక్ పెనంలో! అందులో రంగు ఎలా కనబడుతుంది?

ఉండలు కట్టినా పారబోయకండి. మంట ఇంకా తగ్గించి వదిలేస్తే మెల్లగా కరుగుతాయి. ఈలోపు మిగతా పాకం ముదురుతుంటే, ఉండల్ని చెంచాతో తీసేసి మిగిలింది పోసుకోండి. గిన్నెకి అంటుకున్నదాన్ని గీకక్కర్లేదు, నీళ్లు పోసి మరిగిస్తే అదే వదులుతుంది.